వెయ్యి అడుగుల దగ్గర లెక్క: స్టేబుల్ అప్రోచ్, గో-అరౌండ్ నిర్ణయం

(విమానయాన విద్యార్థుల కోసం చేసిన ప్రసంగం. రాలేకపోయినవారు చదువుకోవడానికి వీలుగా రికార్డింగు నుంచి రాసి పెట్టాం. తడబాట్లు తప్ప మిగతాదంతా మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినబడుతోందా? సరే.

ఇవాళ మనం మాట్లాడుకునేది విమానం దిగడం గురించి కాదు. దిగకుండా మళ్లీ పైకి వెళ్లిపోవడం గురించి. గో-అరౌండ్. రన్‌వే ఎదురుగా కనబడుతూనే ఉంటుంది, టవర్ అనుమతి ఇచ్చేసి ఉంటుంది, వెనక ప్రయాణికులు బెల్టులు కట్టుకుని ఫోన్లు చేతిలో పట్టుకుని కూర్చుని ఉంటారు. అలాంటప్పుడు ఇద్దరు పైలట్లు ఈ ల్యాండింగ్ మనకొద్దు అనుకోవాలి. ఎప్పుడు అనుకోవాలి? దేన్ని చూసి అనుకోవాలి? అదీ ఇవాళ్టి ప్రశ్న.

దీనికి నేను ఒక్క ప్రమాదాన్ని తీసుకుంటాను. 2010 మే 22, మంగళూరు. దుబాయ్ నుంచి వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ బోయింగ్ 737-800, ఫ్లైట్ నంబరు 812. విమానంలో 166 మంది ఉన్నారు, 158 మంది చనిపోయారు. వాతావరణం బాగానే ఉంది. గాలి లేదు, రన్‌వే కనబడుతోంది, విమానంలో లోపమేమీ లేదు. ఎందుకు తీసుకుంటున్నానంటే, దీంట్లో మనల్ని తప్పుదారి పట్టించడానికి వేరే కారణాలు లేవు. తుపాను లేదు, ఇంజిన్ చెడిపోలేదు. అప్రోచ్, అంటే రన్‌వే వైపు దిగుతూ వచ్చే దశ, అదొక్కటే చెడింది. ఎయిర్ మార్షల్ గోఖలే నేతృత్వంలో కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ జరిగింది. నేను చెప్పే అంకెలు ఆ విచారణలో తేలినవే. నేను వేసే లెక్కలున్నచోట లెక్క అని చెబుతాను.

ముందు మామూలు అప్రోచ్ ఎలా ఉంటుందో చూద్దాం. ఎయిర్‌లైనర్ సాధారణంగా మూడు డిగ్రీల వాలు మీద దిగుతుంది. మూడు డిగ్రీలంటే ఒక నాటికల్ మైలుకి దాదాపు 300 అడుగుల ఎత్తు. అంటే రన్‌వేకి పది మైళ్ల దూరంలో మూడు వేల అడుగులు, అయిదు మైళ్ల దూరంలో పదిహేను వందలు. ఈ లెక్క పైలట్లందరి నోట్లోనూ ఉంటుంది. రెండో లెక్క కూడా అంతే సులువు. భూమి మీద మీ వేగం ఎంతుందో దాన్ని అయిదుతో హెచ్చవేయండి, ఆ వాలు మీద ఉండడానికి నిమిషానికి ఎన్ని అడుగులు దిగాలో వస్తుంది. 140 నాట్స్ అయితే నిమిషానికి 700 అడుగులు. అంతే.

ఇప్పుడు చెప్పండి, నిమిషానికి 700 అడుగుల చొప్పున దిగుతుంటే వెయ్యి అడుగుల ఎత్తు నుంచి నేలకి ఎంత సేపు? ఒక నిమిషం ఇరవై అయిదు సెకన్లు. అయిదు వందల అడుగుల నుంచయితే నలభై సెకన్ల పైచిలుకు. ఈ రెండు ఎత్తులూ గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే నియమం అక్కడే ఉంది.

విమాన భద్రత మీద పనిచేసే ఫ్లైట్ సేఫ్టీ ఫౌండేషన్ అనే సంస్థ సిఫారసు చేసిన ప్రమాణాలనే, కొద్ది మార్పులతో, ప్రపంచంలో చాలా ఎయిర్‌లైన్లు వాడతాయి. మబ్బుల్లో, అంటే పరికరాల మీద ఆధారపడి దిగుతుంటే, ఎయిర్‌పోర్టుకి వెయ్యి అడుగుల పైన అప్రోచ్ స్టేబుల్‌గా ఉండాలి. ఆకాశం నిర్మలంగా ఉండి బయట చూస్తూ దిగుతుంటే అయిదు వందల అడుగులు. చాలా కంపెనీలు ఈ గొడవంతా ఎందుకని అన్నిటికీ వెయ్యి అడుగులే పెట్టుకున్నాయి. ఆ ఎత్తుని గేటు అంటారు.

స్టేబుల్ అంటే ఏమిటి? విమానం సరైన దారిలో ఉండాలి. అంటే ముక్కుని, దిశని కొద్దికొద్దిగా సర్దితే చాలన్నట్టు ఉండాలి. ఐ.ఎల్.ఎస్. మీద, అంటే రన్‌వే దగ్గరి రేడియో సంకేతాలు చూపే దారిలో దిగుతుంటే, పక్కలకి దారి చూపే లోకలైజర్, ఎత్తు చూపే గ్లైడ్ స్లోప్ రెండూ పరికరం మీద ఒక డాట్ లోపు ఉండాలి. వేగం ఆ బరువుకి లెక్కగట్టిన రిఫరెన్స్ వేగానికి తగ్గకూడదు, దానికి ఇరవై నాట్స్‌ కంటే పెరగకూడదు. చక్రాలు, రెక్కల వెనక అంచుల్లో దిగే ఫ్లాప్స్ ల్యాండింగ్ స్థితిలో ఉండాలి. దిగే వేగం నిమిషానికి వెయ్యి అడుగులు దాటకూడదు. చెక్‌లిస్టులు అయిపోయి ఉండాలి. ఇంకొకటుంది, చాలామంది వదిలేసేది: ఇంజిన్లు ఐడిల్‌లో ఉండకూడదు, ఆ అప్రోచ్‌కి తగినంత పవర్‌తో తిరుగుతూ ఉండాలి. వీటిలో ఏ ఒక్కటి తప్పినా, లేదా గేటు దాటాక ఏ ఒక్కటి చెడినా, గో-అరౌండ్.

ఇంజిన్ల సంగతి ఎందుకు పెట్టారు? అందులో రెండు విషయాలున్నాయి. జెట్ ఇంజిన్ ఐడిల్ నుంచి పూర్తి శక్తికి వెంటనే రాదు. గో-అరౌండ్‌కి కావలసిన థ్రస్టు, అంటే ఇంజిన్లు ముందుకి తోసే బలం, లివర్లు తోసిన ఎనిమిది సెకన్లకి ఎంత అందుతుందో దాని ఆధారంగానే విమానం ఎక్కగలిగే సామర్థ్యాన్ని లెక్కగడతారు. ఎనిమిది సెకన్లు. నిమిషానికి వెయ్యి అడుగుల చొప్పున దిగుతూ ఐడిల్‌లో ఉంటే, మీరు వద్దనుకున్న తరవాత కూడా విమానం ఇంకా వంద అడుగుల పైనే కిందికి పోవచ్చు. ఇది మొదటిది. రెండోది ఇంకా ముఖ్యం. ఫ్లాప్స్ పూర్తిగా దింపి, చక్రాలు దింపి, మూడు డిగ్రీల వాలు మీద సరైన వేగంతో వస్తున్న విమానానికి కొంత పవర్ తప్పకుండా కావాలి. పవర్ ఐడిల్‌లో ఉందంటే దానర్థం ఏమిటి? ఏదో ఎక్కువైంది. ఎత్తైనా ఎక్కువైంది, వేగమైనా ఎక్కువైంది. ఇంజిన్ల గేజీ చూస్తే చాలు, ఇంధనం లెక్కలూ దూరాలూ ఏమీ చూడకపోయినా, ఈ విమానం దగ్గర అదనపు శక్తి మిగిలి ఉందని తెలిసిపోతుంది.

ఈ ప్రమాణాలన్నీ వేరువేరు నియమాలు కావండి. అన్నీ కలిపి అడిగేది ఒకే ప్రశ్న: రన్‌వే అంచు చేరేసరికి ఈ విమానం దగ్గర ఉండాల్సినంత శక్తే ఉంటుందా, ఎక్కువ ఉంటుందా? ఎత్తు ఒక రకం శక్తి, వేగం ఇంకో రకం. ఎత్తు తగ్గించుకోవాలని ముక్కు దించితే వేగం పెరుగుతుంది. వేగం తగ్గించుకోవాలని ముక్కు ఎత్తితే ఎత్తు తగ్గదు. తిరుమల ఘాట్ రోడ్డు దిగే బస్సుని తలచుకోండి, బ్రేకు మీద కాలు పెట్టకుండా కిందికీ దిగాలి, నెమ్మదిగానూ వెళ్లాలి అంటే ఎలా? విమానానికి గాల్లో బ్రేకులు లేవు. గాలికి అడ్డంగా రెక్కల మీద లేచే స్పీడ్‌బ్రేకులు, చక్రాలు, ఫ్లాప్స్, ఇవే ఉన్నాయి. వాటికీ ఓ హద్దుంది.

ఇప్పుడు మంగళూరుకి వద్దాం.

విమానం 37,000 అడుగుల ఎత్తులో వస్తోంది. అక్కడ ఏరియా రాడార్ ఆ సమయంలో పనిచేయడం లేదు. కంట్రోలర్ తెర మీద విమానాలు కనబడవు, పైలట్లు చెప్పే దూరాల మీద ఆధారపడి విమానాల మధ్య ఎడం పాటించాలి. దాదాపు 130 మైళ్ల దగ్గర ఫస్ట్ ఆఫీసర్ దిగడానికి అనుమతి అడిగారు. ఇవ్వలేదు. 80 మైళ్ల దగ్గర చెప్పమన్నారు. చివరికి విమానం 77 మైళ్ల దగ్గర దిగడం మొదలుపెట్టింది.

లెక్క వేద్దాం, ఇది నా లెక్క. జెట్ విమానం ఐడిల్‌లో దిగడానికి ప్రతి వెయ్యి అడుగులకీ దాదాపు మూడు మైళ్లు కావాలి. 37,000 అడుగులు పోవాలంటే 111 మైళ్లు, వేగం తగ్గించుకోవడానికి ఇంకో పది మైళ్లు వేసుకోండి. 130 మైళ్ల దగ్గర అడిగినప్పుడు ఆ ఫస్ట్ ఆఫీసర్ సరిగ్గానే అడిగారు, చూశారా? 77 మైళ్ల దగ్గర మొదలయ్యేసరికి ఎంత తక్కువయింది? నలభై మైళ్లకి పైన. ఎత్తులో చెప్పాలంటే పద్నాలుగు, పదిహేను వేల అడుగులు ఎక్కువున్నట్టు. ఆఖర్లో పది మైళ్ల ఆర్క్, అంటే పది మైళ్ల దూరంలో వంపుగా తిరిగి రావాలి కాబట్టి కొంత దూరం కలిసొచ్చింది, కానీ అది సరిపోదు.

ఇక్కడ కంట్రోలర్‌ని తిడదామా? వద్దు. ఆలస్యంగా దిగమనడం రోజూ జరిగేదే. ఆలస్యమైతే ఏం చేయాలో పైలట్ చేతిలోనే ఉంటుంది. ఒక హోల్డ్ అడగొచ్చు, అంటే ఒకే చోట చుట్టూ తిరుగుతూ ఉండటం. ఒక చుట్టు హోల్డ్ దాదాపు నాలుగు నిమిషాలు. నిమిషానికి వెయ్యి అడుగుల చొప్పున దిగినా నాలుగు వేల అడుగులు పోతాయి. రెండు చుట్లు తిరిగితే ఎనిమిది వేలు. అదంతా రన్‌వేకి దూరంగా, తాపీగా జరిగిపోతుంది. ఖర్చయ్యేది కొద్దిగా ఇంధనం, పది నిమిషాలు. గో-అరౌండ్ నిర్ణయం వెయ్యి అడుగుల దగ్గర తీసుకుంటామని అందరూ అనుకుంటారు గానీ, నిజానికి ముప్పై మైళ్ల దగ్గర ఆ లెక్క వేసుకోని పైలటే వెయ్యి అడుగుల దగ్గర ఇరుక్కుంటాడు.

ఆ రోజు ఆ లెక్క ఎందుకు వేయలేదు? కాక్‌పిట్ వాయిస్ రికార్డర్ రెండు గంటల అయిదు నిమిషాలు రికార్డు చేసింది. అందులో దాదాపు గంటా నలభై నిమిషాలు ఇద్దరి మధ్య సంభాషణే లేదు. కెప్టెన్ గురక వినబడింది. గాఢ నిద్ర నుంచి లేచిన మనిషికి మెదడు పూర్తిగా పనిచేయడానికి కొంత సమయం పడుతుంది. ఆ సమయంలోనే దిగడం మొదలైంది.

ఎక్కువ ఎత్తులో ఉన్నామని గమనించి దాదాపు 8,500 అడుగుల దగ్గరే చక్రాలు దింపారు, స్పీడ్‌బ్రేకులు తెరిచే ఉంచారు. ఈ పని తప్పు కాదండి. ఎత్తు ఎక్కువైనప్పుడు చేసేది ఇదే. కానీ అవి రెండూ వాడేశాక మీ సంచిలో ఇంకేం మిగల్లేదు. అప్పటికీ విమానం దారి కంటే పైనే ఉందంటే అప్రోచ్ అక్కడే పోయినట్టు.

ఫైనల్‌లో, అంటే రన్‌వేకి ఎదురుగా తిరిగాక, దానికి దాదాపు రెండున్నర మైళ్ల దగ్గర, విమానం ఉండాల్సిన ఎత్తుకి దాదాపు రెట్టింపు ఎత్తులో ఉంది. మనం మైలుకి మూడు వందలనుకున్నాం కదా? రెండున్నర మైళ్ల దగ్గర ఏడెనిమిది వందల అడుగులు ఉండాలి. రెట్టింపు ఎత్తు అంటే మూడు డిగ్రీలకి బదులు ఆరు డిగ్రీల వాలు. అప్పుడు రన్‌వే ఎదురుగా కనబడదు, కింద కనబడుతుంది. టవర్ అడిగింది: ఐ.ఎల్.ఎస్. మీద ఉన్నారా అని. ఉన్నామని జవాబు వెళ్లింది. గుర్తుపెట్టుకోండి, టవర్‌లో ఉన్నవారికి రాడార్ లేదు. మీరు ఏం చెబితే అదే వాళ్లకి తెలిసేది. ల్యాండింగ్ అనుమతి ఇవ్వడమంటే మీ అప్రోచ్ బాగుందని సర్టిఫికెట్ ఇవ్వడం కాదు. రన్‌వే ఖాళీగా ఉందని చెప్పడం, అంతే.

అప్పుడు ఆటోపైలట్ తీసేసి ముక్కు కిందికి దించారు. దిగే వేగం ఎంతకి వెళ్లిందో తెలుసా? నిమిషానికి దాదాపు నాలుగు వేల అడుగులు. నియమం ఎంత? వెయ్యి. నేలకి దగ్గరవుతున్నామని హెచ్చరించే పరికరం ఒకటే అరుస్తోంది, 'సింక్ రేట్', 'పుల్ అప్' అని. ఫస్ట్ ఆఫీసర్ మూడుసార్లు 'గో-అరౌండ్' అన్నారు. మూడుసార్లు.

రన్‌వే అంచు దాటేటప్పుడు ఎత్తు దాదాపు 200 అడుగులు. ఉండాల్సింది 50. వేగం 160 నాట్స్ పైనే. ఆ బరువుకి ఉండాల్సింది 144. మీలో ఎవరైనా అనొచ్చు, నూట యాభై అడుగులే కదా, పదహారు నాట్సే కదా అని. సరే, ఈ రెండిటినీ రన్‌వే అడుగుల్లోకి మారుద్దాం. దీని కోసమే ఇంత సేపు చెప్పుకొచ్చాను.

మూడు డిగ్రీల వాలు మీద ఒక అడుగు దిగడానికి ముందుకి పందొమ్మిది అడుగులు పోవాలి. నూట యాభై అడుగులు ఎక్కువ ఉన్నాయి. నూట యాభై పందొమ్మిదులు ఎంత? 2,850. మామూలుగా అంచు నుంచి వెయ్యి అడుగుల దగ్గర దిగాలని గురిపెడతాం, దానికిది కలపండి. దాదాపు 3,900. ఇక వేగం. నేలకి దగ్గరగా వచ్చాక ఎక్కువ వేగం ఉన్న విమానం దిగదు, తేలుతుంది. ఆ వేగంలో సెకనుకి దాదాపు రెండు వందల డెబ్బై అడుగుల రన్‌వే వెనక్కి పోతుంది. రెండు, మూడు సెకన్లు తేలిందంటే ఆరేడు వందల అడుగులు పోయినట్టే. మన లెక్క 4,500 దగ్గరికి వచ్చింది. విచారణలో తేలింది ఎంతంటే, చక్రాలు మొదట తాకింది దాదాపు 4,500 అడుగుల దగ్గర. చిన్నగా ఎగిరి, పూర్తిగా కూర్చున్నది దాదాపు 5,200 దగ్గర.

మంగళూరు రన్‌వే ఎంత? 8,033 అడుగులు. మిగిలింది 2,800. అవతల లోయ. ఇక వేగం విషయం: ఆపాల్సిన శక్తి వేగం వర్గంతో పెరుగుతుంది. 160ని 144తో భాగించి వర్గం చేస్తే 1.23. అంటే అదే బరువుకి దాదాపు ఇరవై మూడు శాతం ఎక్కువ శక్తిని, మూడో వంతు రన్‌వేలో బ్రేకులు మింగాలి. ఎత్తులో చేసిన పొరపాటు రన్‌వేని తినేస్తుంది, వేగంలో చేసిన పొరపాటు ఆపే దూరాన్ని పెంచుతుంది. రెండూ ఒకే చోట కలుస్తాయి, రన్‌వే చివర.

ఇప్పుడు గేటు ఎందుకు పెట్టారో చూడండి. ఆకాశం నిర్మలంగా ఉంది కాబట్టి అయిదు వందల అడుగులే అనుకుందాం. అయిదు వందల దగ్గర దిగే వేగం ఎంత ఉందో చూడటానికి కాలిక్యులేటర్ అక్కర్లేదు. వెయ్యి కంటే ఎక్కువ. అయిపోయింది. ఇంకేమీ ఆలోచించనక్కర్లేదు. రన్‌వే సరిపోతుందా, బ్రేకులు బాగున్నాయా, గాలి ఎటు, ఇవేవీ అడగనక్కర్లేదు. ఆలోచించాల్సిన పని లేకుండా చేయడమే గేటు పని. ఎందుకంటే ఆ ముప్పై, నలభై సెకన్లలో మనిషి బాగా ఆలోచించలేడు. చూపు రన్‌వే మీద అతుక్కుపోతుంది. చెవులకి హెచ్చరికలు వినబడతాయి గానీ లోపలికి ఎక్కవు. ఇంకొంచెం సర్దితే దిగిపోతామనిపిస్తుంది. ఆ మనిషిని ఆ క్షణంలో జడ్జిగా కూర్చోబెట్టకూడదు. తీర్పు ముందే రాసి పెట్టాలి.

మరి పైలట్లు ఎందుకు పాటించరు? ఇది అందరూ అడిగే ప్రశ్న. ఫ్లైట్ సేఫ్టీ ఫౌండేషన్ విశ్లేషణల్లో తేలిందేమిటంటే, మొత్తం అప్రోచుల్లో అన్‌స్టేబుల్ అయ్యేవి మూడు, నాలుగు శాతం. తక్కువే. కానీ వాటిలో గో-అరౌండ్ చేసేవి మూడు శాతమే. తొంభై ఏడు శాతం దిగిపోతాయి. వినడానికి ఘోరంగా ఉంది కదా? ఆ తొంభై ఏడు శాతంలో దాదాపు అన్నీ ఏ గొడవా లేకుండా దిగాయి. అసలు చిక్కు అక్కడే ఉంది. నియమం తప్పి దిగిన ప్రతిసారీ ఏమీ కాకపోతే, ఏం కాదులే అని మనసు నేర్చుకుంటుంది. మంగళూరులాంటి పొడవు తక్కువ రన్‌వే ఎదురైన రోజున ఆ నేర్చుకున్నదే చేయిస్తుంది. పన్నెండు, పదమూడు వేల అడుగుల రన్‌వే మీద ఇదే అప్రోచ్ చేసి ఉంటే వాళ్లు టాక్సీ చేసుకుంటూ టెర్మినల్‌కి వెళ్లిపోయేవారు, మనం ఇవాళ దీని గురించి మాట్లాడుకునేవాళ్లం కాదు.

కొంతమంది వాదన ఇంకోటుంది. వెయ్యి అడుగుల గేటు మరీ ఎత్తు, అందుకే ఎవరూ పట్టించుకోవడం లేదు, పాటించగలిగిన చోట పెట్టండి అని. అదే ఫౌండేషన్ 2017 నివేదికలో వెయ్యి, అయిదు వందల దగ్గర సరిచూసుకుని, మూడు వందల అడుగుల్ని తప్పనిసరి గో-అరౌండ్ గేటుగా పెట్టే ఆలోచన వచ్చింది. నా అభిప్రాయం అడిగితే, వెయ్యి దగ్గర కొద్దిగా వేగం ఎక్కువుండి తగ్గుతూ వస్తున్న విమానానికీ, నాలుగు వేల అడుగుల చొప్పున పడిపోతున్న విమానానికీ తేడా ఉంది, ఒప్పుకుంటాను. కానీ గేటు కిందికి జరిపిన కొద్దీ ఇంజిన్లకి కావలసిన ఆ ఎనిమిది సెకన్లు ఖరీదవుతాయి. మబ్బుల్లో మాత్రం వెయ్యి వదులుకోకూడదు.

ఇప్పుడు పక్క సీటు సంగతి. మూడుసార్లు గో-అరౌండ్ అన్న ఫస్ట్ ఆఫీసర్ కంట్రోల్స్ ఎందుకు తీసుకోలేదు? విచారణ ఈ ప్రశ్న కూడా అడిగింది. కో-పైలట్ తానే గో-అరౌండ్ మొదలుపెట్టవచ్చా లేదా అన్న దాని మీద అప్పటి ఆదేశాల్లో స్పష్టత లేదని, బహుశా అందుకే చెప్పి ఊరుకున్నారని అంది. ప్రధాన కారణం మాత్రం కెప్టెన్ అప్రోచ్ వదలకపోవడమే అని తేల్చింది.

పదేళ్ల తరవాత, 2020 ఆగస్టు 7న, కోళికోడ్. అదే కంపెనీ, అదే రకం విమానం, మంగళూరులాగే కొండ మీద చదును చేసి కట్టిన ఇంకో టేబుల్‌టాప్ రన్‌వే. వాన, వెనక నుంచి గాలి. 8,858 అడుగుల రన్‌వే మీద 4,438 అడుగుల దగ్గర తాకింది. సగం దాటింది. 21 మంది చనిపోయారు. అక్కడా అన్‌స్టేబుల్ అప్రోచ్ అనే రాశారు, అక్కడా పక్క సీటు నుంచి 'గో-అరౌండ్' అన్న మాట వచ్చింది, అక్కడా ఆ మాట అన్నవారు కంట్రోల్స్ తీసుకోలేదు. అదే మాట, అదే ఫలితం.

అందుకే చాలా కంపెనీల్లో ఇప్పుడు నియమం ఎలా ఉంటుందంటే, ఇద్దరిలో ఎవరు 'గో-అరౌండ్' అన్నా చేయాల్సిందే. అది సలహా కాదు, చర్చకి తావు లేదు. చెప్పినా చేయకపోతే? మొదటిసారి అంకెతో చెప్పాలి. 'స్పీడ్ ప్లస్ ట్వెంటీ', 'సింక్ రేట్ ఫిఫ్టీన్ హండ్రెడ్', ఇలా. 'కొంచెం హైగా ఉన్నట్టున్నాం సార్' అని కాదు. మర్యాదగా, నసుగుతూ చెప్పిన మాట ఆ క్షణంలో చెవికి చేరదు. అంకె చేరుతుంది. జవాబు లేకపోతే రెండోసారి. రెండోసారికీ జవాబు లేకపోతే అవతలి వ్యక్తి స్పృహలో లేడని భావించి 'ఐ హావ్ కంట్రోల్' అని తీసుకోవాలి. కూర్చుని కళ్లు తెరిచి చూస్తున్న మనిషిని స్పృహలో లేడనుకోవడం కష్టం. అది సిమ్యులేటర్‌లో చేతితో చేసి చూడాలి, చదివితే రాదు.

సరే, గో-అరౌండ్ అన్నాం. చేయడం ఎలా? 737లో అయితే, థ్రస్ట్ లివర్ల మీదున్న, గో-అరౌండ్ థ్రస్ట్ ఇచ్చే టోగా స్విచ్ నొక్కాలి. 'గో-అరౌండ్, ఫ్లాప్స్ ఫిఫ్టీన్' అనాలి. ముక్కు పదిహేను డిగ్రీల వైపు ఎత్తాలి, థ్రస్ట్ వచ్చిందో లేదో చూడాలి, ఫ్లాప్స్ పదిహేనుకి తేవాలి. ఎక్కుతున్నామని ఆల్టిమీటర్ చూపించాక 'పాజిటివ్ రేట్', అప్పుడు చక్రాలు పైకి. ఈ వరస మార్చకూడదు. చక్రాలు ముందు ఎత్తేస్తే, ఇంకా కిందికే పోతున్న విమానం రన్‌వేని పొట్టతో తాకే అవకాశం ఉంది. ఫ్లాప్స్ ఒక్కసారిగా పూర్తిగా తీసేస్తే రెక్కలకి లిఫ్ట్ పోతుంది.

ఇక్కడ ఇంకో మాట చెప్పకపోతే అన్యాయం అవుతుంది. గో-అరౌండ్ అంటే ఏ ప్రమాదమూ లేని పని అని నేను చెప్పను. ఇంధనం తక్కువై తేలికగా ఉన్న విమానానికి పూర్తి థ్రస్ట్ ఇస్తే ముక్కు దానంతటదే పైకి లేస్తుంది, ఎందుకంటే ఇంజిన్లు రెక్కల కింద ఉన్నాయి. పైగా చీకట్లో, మబ్బుల్లో ఒక్కసారిగా ముందుకి తోసినప్పుడు చెవి లోపలి అవయవం మోసపోతుంది. ముక్కు ఉన్నదానికంటే చాలా ఎక్కువ లేచిందనిపిస్తుంది. ఆ అనుభూతి నమ్మి ముక్కు కిందికి తోస్తే నేరుగా నేలకి. 2013 నవంబరులో కజాన్‌లో 50 మంది, 2016 మార్చిలో రోస్తోవ్-ఆన్-డాన్‌లో 62 మంది చనిపోయారు, రెండూ గో-అరౌండ్ మొదలుపెట్టాకే. అందుకే చూపు బయట కాదు, ఎదురుగా ఉన్న ఆటిట్యూడ్ ఇండికేటర్ మీద ఉండాలి. ముందే, దిగడం మొదలుపెట్టకముందే, ఇద్దరూ కలిసి అనుకుని ఉండాలి: గో-అరౌండ్ అయితే ఏ ఎత్తుకి ఎక్కుతాం, ఎటు తిరుగుతాం అని. ఊహించని గో-అరౌండే చెడుతుంది.

ఎంత ఆలస్యంగా చేయొచ్చు? చక్రాలు తాకాక కూడా చేయొచ్చు. ఒకే ఒక్క గీత ఉంది: ఇంజిన్ల గాలిని ముందుకి మళ్లించి విమానాన్ని ఆపే రివర్సర్లు తెరిస్తే ఇక ఆగిపోవాల్సిందే. ఎందుకంటే రివర్సర్లు మళ్లీ మూసుకోవాలి, ఇంజిన్లు మళ్లీ పుంజుకోవాలి, ఆ సెకన్లలో రన్‌వే అయిపోతుంది. ఒక రివర్సర్ పూర్తిగా మూసుకోకపోతే ఇంకా ఘోరం. మంగళూరులో జరిగింది ఇదే. రివర్సర్లు తెరిచి, బ్రేకులు వేశాక మనసు మార్చుకుని మళ్లీ ఎగరబోయారు. రన్‌వే దాటి, కుడి రెక్క లోకలైజర్ యాంటెన్నా దిమ్మెని కొట్టి లోయలో పడింది. తాకిన వెంటనే పూర్తి రివర్స్ థ్రస్టుతో, గరిష్ఠ స్థాయిలో బ్రేకులు వేసి ఉంటే, అంత ఆలస్యంగా దిగినా రన్‌వే లోపే ఆగేదని విచారణలో తేలింది. అంటే గో-అరౌండ్‌కి రెండు తలుపులు ఉన్నట్టు లెక్క. గేటు దగ్గర తెరుచుకోవాల్సింది తెరుచుకోలేదు, రివర్సర్ల దగ్గర మూసుకోవాల్సింది మూసుకోలేదు.

ఎవరో చీటీ పంపారు, చదువుతాను. 'మనం ప్రయాణికులుగా ఉన్నప్పుడు గో-అరౌండ్ జరిగితే ఎలా తెలుస్తుంది, ఇంధనం అయిపోదా?' మంచి ప్రశ్న. ఇంజిన్ల మోత ఒక్కసారి పెరుగుతుంది, వీపు సీటుకి అతుక్కుంటుంది, కొన్ని సెకన్లకి కింద చక్రాలు లోపలికి వెళ్లిన చప్పుడు వస్తుంది. ఆ తరవాత అయిదారు నిమిషాలు కాక్‌పిట్ నుంచి ఏ మాటా రాదు. భయపడకండి, ముందు విమానాన్ని నడపాలి, తరవాత దారి చూసుకోవాలి, టవర్‌తో మాట్లాడాలి, చెక్‌లిస్టు చదవాలి, మీతో మాట్లాడటం ఆఖరున వస్తుంది. ఇంధనం సంగతి, బయల్దేరేటప్పుడే గమ్యానికి కావలసిందే కాకుండా, ఒక అప్రోచ్ వదిలేసి ఇంకో ఎయిర్‌పోర్టుకి వెళ్లడానికి కావలసినది, దాని మీద పదిహేను వందల అడుగుల ఎత్తులో అరగంట తిరగడానికి సరిపడేది వేసుకుంటారు. ఒక గో-అరౌండ్, ఇంకో చిన్న చుట్టు, మళ్లీ అప్రోచ్, మొత్తం పది, పదిహేను నిమిషాల పని. ఆ ఇంధనం దాని కోసమే వేసింది. రెండోసారి కూడా కుదరకపోతే, అప్పుడు మూడోసారి ప్రయత్నించే ముందు పైలట్లు చూడాల్సింది ఒకటే: ఇక్కడి నుంచి ఆ రెండో ఎయిర్‌పోర్టుకి వెళ్లి, అరగంట ఇంధనం మిగుల్చుకుని దిగగలమా అని. లేదంటే ఇప్పుడే అటు తిరగాలి.